బ్యాంకు వడ్డీ తేడాపై వచ్చిన నోటీసుకు జవాబు

తెనాలి,
14-11-2025

ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసర్ గారికి,

విషయం: అసెస్‌మెంట్ ఇయర్ 2024-25, సెక్షన్ 133(6) కింద 3-11-2025న పంపిన నోటీసు.

అయ్యా,

నేను రిటైరైన టీచర్‌ను, వయసు 68. పెన్షన్, డిపాజిట్ల వడ్డీ తప్ప నాకు వేరే ఆదాయం లేదు. రిటర్నులో వడ్డీ రూ. 1,12,000 చూపించాను. బ్యాంకులు తెలిపిన మొత్తం రూ. 2,74,400 అని మీ నోటీసులో ఉంది. తేడా రూ. 1,62,400. నోటీసు చూసి చాలా టెన్షన్ పడ్డాను. పాస్‌బుక్కులు, పోర్టల్‌లో నా ఆదాయ వివరాలు చూపే ఏఐఎస్ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పద్దూ సరిచూశాను.

ఇందులో రూ. 74,000 ఒకే వడ్డీ రెండుసార్లు నమోదైనది. ఒక బ్యాంకులోని నా ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ టీడీఎస్ కింద ఒకసారి, బ్యాంకు పంపే వడ్డీ నివేదిక ఎస్ఎఫ్‌టీ-016 కింద మరోసారి కనిపిస్తోంది. ఫారం 16ఏలో ఉన్నది ఒక్క రూ. 74,000 మాత్రమే. అది నా రూ. 1,12,000లో చేరే ఉంది. పోర్టల్‌లో "Information is duplicate" అని ఫీడ్‌బ్యాక్ కూడా ఇచ్చాను.

రూ. 62,400 మా తమ్ముడి డబ్బుపై వచ్చిన వడ్డీ. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మును అతను మా ఊరి బ్యాంకులో ఇద్దరి పేర్లతో డిపాజిట్ చేశాడు. అతను హైదరాబాద్‌లో ఉంటాడు, బ్యాంకు పనులు చూసేది నేను కాబట్టి మొదటి పేరు నాది పెట్టించాడు. అందుకే వడ్డీ, రూ. 6,240 టీడీఎస్ నా పాన్ మీద పడ్డాయి. డిపాజిట్ చేసిన డబ్బు అతని ఖాతా నుంచే వెళ్లింది, వడ్డీ కూడా అతని ఖాతాకే చేరింది. అదే ఏడాది తన రిటర్నులో మొత్తం వడ్డీ చూపించి పన్ను కట్టాడు. ఆ టీడీఎస్‌ను నేనూ క్లెయిమ్ చేయలేదు, అతనూ చేయలేదు. ఈ వడ్డీ అతనిదని రూల్ 37బీఏ ప్రకారం బ్యాంకుకు ముందే డిక్లరేషన్ ఇవ్వాలని మాకు అప్పట్లో తెలియదు. ఇప్పుడు ఇచ్చాం.

మిగిలిన రూ. 26,000 మాత్రం నా పొరపాటే. అది క్యుములేటివ్ డిపాజిట్. డబ్బు మెచ్యూరిటీకి గానీ చేతికి రాదు కాబట్టి పన్ను కూడా అప్పుడే అనుకున్నాను. బ్యాంకు ఏటా జమయ్యే వడ్డీని చూపిస్తుందని, నేనూ అలాగే చూపాలని నోటీసు వచ్చాకే తెలిసింది. సెక్షన్ 80టీటీబీ మినహాయింపు రూ. 50,000 ముందే పూర్తిగా వాడుకున్నాను కాబట్టి ఈ మొత్తంపై పన్ను కట్టాల్సిందే. నా 20 శాతం స్లాబులో పన్ను, సెస్ కలిపి రూ. 5,408, దానిపై 25 శాతం అదనపు పన్ను రూ. 1,352, మొత్తం రూ. 6,760 కట్టి 10-11-2025న అప్‌డేటెడ్ రిటర్ను వేశాను. వచ్చే ఏళ్ల వడ్డీని కూడా ఏటికేడు చూపిస్తాను.

ఫారం 16ఏ, రెండు బ్యాంకుల వడ్డీ సర్టిఫికెట్లు, మా తమ్ముడి ఖాతా స్టేట్‌మెంటు, అతని రిటర్ను కాపీ, సంతకం చేసిన అతని వివరణ, చలానా, అప్‌డేటెడ్ రిటర్ను రసీదు ఈ జవాబుతో అప్‌లోడ్ చేశాను.

ఇవి పరిశీలించి, మొదటి రెండు మొత్తాలను నా ఆదాయానికి కలపవద్దని కోరుతున్నాను. ఇంకేదైనా పత్రం కావాలంటే తెలియజేయండి, వెంటనే పంపుతాను.

ఇట్లు,
ఎం. విజయలక్ష్మి