పొదుగు నుంచి పాలకేంద్రం దాకా

అందరూ వచ్చినట్టేనా అమ్మా? ఎండలో కూర్చోవద్దు, ఇటు చెట్టు కిందకి జరగండి. పాలు తీసే వేళకల్లా మిమ్మల్ని వదిలేస్తాను.

మొన్న మంగళవారం మన ఊరి నుంచి పోయిన 40 లీటర్ల క్యాన్లలో రెండు శీతల కేంద్రం నుంచి వెనక్కి వచ్చిన సంగతి మీకు తెలిసిందే. గొట్టంలో కాసిని పాలు పోసి కాచి చూస్తే విరిగిపోయాయి. ఆ క్యాన్లలో పోసిన వాళ్లలో చాలామంది పాలు బాగానే ఉండి ఉంటాయి. కానీ ఒకసారి కలిశాక వేరుచేసేదేముంది? ఒకరిద్దరి ఇళ్లలో జరిగిన పొరపాటుకు ఆ పూట డబ్బులు అందరికీ పోయాయి. అది ఎవరని అడగడానికి రాలేదు నేను. మీ కష్టం అలా కాలవలో పారబోస్తుంటే చూడలేక వచ్చాను.

రోగం లేని గేదె పొదుగులో పాలు దాదాపు శుభ్రంగానే ఉంటాయి. చెడు అంతా బయటికి వచ్చాకే చేరుతుంది. మన చేతి నుంచి, తోక విసురు నుంచి, బకెట్ నుంచి, వడగట్టే గుడ్డ నుంచి. మన ఎండల్లో ఆ క్రిములు 20 నిమిషాలకోసారి రెట్టింపు అవగలవు. అంటే ఒక్కటి పడితే 3 గంటలకు 500 దాటుతాయి. పడేది ఒక్కటి కాదు, లక్షల్లో. పొద్దున 5 గంటలకు తీసి, 8 గంటలకు వ్యాన్ ఎక్కించే పాలలో ఏం జరుగుతుందో మీరే లెక్కేసుకోండి.

ఈ బకెట్ చూడండి. మీ ఊరిదే, ఎవరిదో చెప్పను. పైకి తళతళలాడుతోంది. ఇప్పుడు ఈ అంచు మడత కింద వేలు పెట్టి గీకుతున్నాను. ఇదిగో, గోటికి వచ్చింది చూశారా, పసుపుపచ్చ పొర. వాసన చూడండి అక్కా. ఇది పాత పాలు. రోజూ పొద్దున పోసే తాజా పాలకు ఇక్కడి నుంచే తోడు పడుతోంది. బూడిదతోనో మట్టితోనో తోమితే పైన మెరుస్తుందిగానీ గిన్నె మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో పాలు ఇరుక్కుంటాయి. ప్లాస్టిక్ బకెట్ అయితే మరీ ఎక్కువ. అతుకులు లేని స్టీలుదో అల్యూమినియందో వాడండి, మూతి చిన్నదైతే దుమ్ము తక్కువ పడుతుంది. పాలు పోసి ఇంటికి రాగానే చన్నీళ్లతో ఒకసారి తొలిచేయండి. ముందే వేడినీళ్లు పోస్తే పాలు గిన్నెకు అంటుకుపోతాయి. ఆ తర్వాత వేడినీళ్లలో కాస్త వాషింగ్ సోడా వేసి, బ్రష్‌తో అంచులు రుద్ది, మళ్లీ వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. గుడ్డతో తుడవొద్దు. ఎండే ఆరబెడుతుంది. వడగట్టే గుడ్డను కూడా రోజూ ఉతికి, మరిగే నీళ్లలో వేసి తీసి, తీగ మీద ఆరేయండి. పంచె ముక్కో చీర కొంగో వాడే వాళ్లున్నారు, దయచేసి ఆ అలవాటు మానండి.

పాలు తీసేటప్పుడు సంగతి. పేడ ఎత్తడం, పాక ఊడవడం అరగంట ముందే అయిపోవాలి. దుమ్ము అణగాలి. గేదెను కట్టి చేపడానికి కూర్చున్నాక ఎండుగడ్డి దులపొద్దు, తవుడు, చెక్క కలిపిన దాణా పెట్టండి. తోకను కాలికి కట్టేస్తే సగం గొడవ తీరుతుంది. గోళ్లు కత్తిరించుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి. పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడగండి, ఆ నీళ్లలో పర్మాంగనేట్ రెండు గింజలు వేస్తే చాలు, లేత గులాబీ రంగు రావాలి, ముదురు రంగు వద్దు. కడిగాక పొడిగుడ్డతో తుడవడమే అసలు పని. చాలామంది కడిగి అలాగే పిండేస్తారు. పొదుగు మీద నుంచి మురికినీళ్లు చన్నుల మీదుగా జారి చుక్కచుక్కగా పాలలో పడతాయి. అలా అయితే కడగకపోయినా ఒకటే. చేతికి పాలో ఉమ్మో రాసుకుని పిండేది కూడా అంతే. పొడిచేత్తో పిడికిలి పట్టి తీయండి. బొటనవేలు మడిచి లాగితే చన్నుకు దెబ్బ తగులుతుంది, ఆ దెబ్బే తర్వాత పొదుగువాపుకు దారి.

ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు బకెట్లో పడకూడదు. ఇలా ఒక చెంబు మీద నల్లగుడ్డ కట్టి దాని మీద పిండండి. నల్లటి దాని మీద తెల్లని ముక్కలు, పీచులు ఉంటే వెంటనే కనబడతాయి. అలా కనబడినా, పాలు ఉప్పగా ఉన్నా ఆ చన్నుకు పొదుగువాపు మొదలైనట్టే. ఆ పాలు కేంద్రానికి వద్దు, దూడకూ వద్దు, డాక్టరుకు చెప్పండి. ఆ గేదెను చివర్లో పిండండి, లేకపోతే మీ చేత్తోనే మిగతా వాటికి అంటుతుంది. నేల మీద పిండేసి వదిలేయొద్దు, ఈగలు వాలతాయి.

ఏమన్నావు పెద్దమ్మా? మొదటి ధారలు పారేస్తే పాలు తగ్గవా అనా? తగ్గేది చారెడు. పైగా మొదటి పాలలో వెన్న తక్కువ, చివర తీసేవే చిక్కగా ఉంటాయి. నీకు వెన్నశాతం మీద కదా డబ్బు వచ్చేది. దూడకు మొదట కొంచెం కుడిపించి, చివరిదాకా పూర్తిగా పిండుకో, చీటీలో తేడా నీకే కనబడుతుంది. గేదె చేపిన తర్వాత ఆరేడు నిమిషాల్లోనే పాలు తీసేయాలి, మధ్యలో లేచి ఇంకో పనికి వెళ్లొద్దు. చేపడానికని సూదిమందు వేయడం మాత్రం తప్పు, చట్టానికీ విరుద్ధం.

తీశాక గేదె వెంటనే పడుకోకుండా చూడండి. అరగంట దాకా చన్ను రంధ్రం తెరిచే ఉంటుంది, పేడలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. మేత వేస్తే నిలబడే ఉంటుంది. మేతలో వయ్యారిభామ పడితే పాలకు చేదు వస్తుంది. బూజుపట్టిన వేరుశనగ చెక్క మటుకు అస్సలు పెట్టొద్దు, ఆ విషం పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. పిల్లలు తాగే పాలు తల్లీ ఇవి, దీంట్లో నేను బేరం ఒప్పుకోను. గేదెకు సూదులు వేయించినప్పుడు ఎన్ని రోజులు పాలు పోయకూడదో డాక్టరును అడిగి, ఆ రోజులు ఆపండి. ఈనిన తర్వాత మొదటి 5 రోజుల జున్నుపాలు దూడకు, ఇంటికి, కేంద్రానికి కాదు.

ఇప్పుడు తీసిన పాల సంగతి. వడగట్టి మూతపెట్టి వెంటనే పోయడం ఉత్తమం. ఆలస్యమయ్యే ఇళ్లలో తొట్టిలో చల్లటి నీళ్లు పోసి క్యాన్ మెడదాకా దింపండి, పైన తడిగోనె కప్పండి, నీడలో ఉంచండి. మెడ దాటి మూతలోకి నీళ్లు దిగకూడదు. రాత్రి పాలు, పొద్దున పాలు కలపొద్దు, మంగళవారం జరిగింది ఇదేనని నా అనుమానం. నిలవ ఉండటానికి సోడా వేయడం, పెరగడానికి నీళ్లు కలపడం ఎవరైనా మీకు చెప్పినా వినొద్దు. చెరువు నీళ్లతో రోగాలొస్తాయి, లాక్టోమీటరు ఎలాగూ పట్టేస్తుంది.

ఈ నల్లగుడ్డ ముక్కలు ఇంటికొకటి తీసుకోండి. రేపు పొద్దున 5 గంటలకు పాలకేంద్రం వెనక వీధి నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరుగుతాను. గేదెను కట్టి, నీళ్లు కాచి ఉంచండి. మొదటి ధారలు మీ ఎదురుగానే చూద్దాం.