ఇన్వాయిస్ 023/2025-26లో తప్పు: సవరించిన ఇన్వాయిస్ జతపరిచాం

విజయవాడ, 16-07-2025

నరసింహారావు గారికి, నమస్కారం.

జూన్ 30 తేదీతో మీ హైదరాబాద్ ఆఫీసుకు పంపిన రూ. 70,800 బిల్లులో రెండు తప్పులు దొర్లాయి. రెండూ మా వైపు జరిగినవే. ఆ బిల్లు ప్రకారం డబ్బు పంపకండి. మీరు చెల్లించాల్సింది రూ. 63,720. అందులో టీడీఎస్ రూ. 5,400 పోను మాకు పంపాల్సింది రూ. 58,320.

మొదటి తప్పు పన్నులో జరిగింది. ఏప్రిల్ నుంచి బిల్లులు తెలంగాణ రిజిస్ట్రేషన్ మీద ఇవ్వమన్నారు. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ ఖాతాకు 36తో మొదలయ్యే కొత్త జీఎస్‌టీ నంబరు ఎక్కించాం గానీ, దాని కింద రాష్ట్రం గడి ఆంధ్రప్రదేశ్‌గానే ఉండిపోయింది. పన్ను లెక్క ఆ గడిని బట్టే నడుస్తుంది. అందుకే ప్లేస్ ఆఫ్ సప్లై 37గా పడి, సీజీఎస్‌టీ 9, ఎస్‌జీఎస్‌టీ 9 శాతం వేసింది. రిజిస్టరైన వారికి చేసే మా సేవలకు ప్లేస్ ఆఫ్ సప్లై వారున్న రాష్ట్రమే. కాబట్టి పడాల్సింది ఐజీఎస్‌టీ 18 శాతం.

మొత్తం శాతం ఒకటే కదా అనిపించవచ్చు. కానీ క్రెడిట్ దగ్గర చిక్కు వస్తుంది. సప్లయర్ రాష్ట్రం, ప్లేస్ ఆఫ్ సప్లై ఒకటే అయి, కొన్నవారు వేరే రాష్ట్రంలో ఉంటే, జీఎస్‌టీఆర్-2బిలో ఆ బిల్లు 'ఐటీసీ అందుబాటులో లేదు' భాగంలోకి పోతుంది. 14న వచ్చిన మీ జూన్ 2బిలో మా బిల్లు అక్కడే కనిపిస్తుంది.

రెండోది, 2024-25 నాలుగో త్రైమాసికం టీడీఎస్ స్టేట్‌మెంట్ ఫీజు రూ. 6,000. ఇది మే 31 నాటి 011 బిల్లులో ఉంది, మీరు జూన్‌లో చెల్లించేశారు. మా పనుల పట్టికలో ఆ వరుసకు 'బిల్లయింది' అని గుర్తు పెట్టకపోవడంతో మళ్లీ ఎక్కింది.

మా జూన్ జీఎస్‌టీఆర్-1 ఈ నెల 10నే దాఖలైంది. అదృష్టం కొద్దీ 3బి ఇంకా వేయలేదు. అందువల్ల నిన్న జీఎస్‌టీఆర్-1ఎలో ప్లేస్ ఆఫ్ సప్లై, విలువ రెండూ సవరించాం. 18న వేసే 3బిలో పన్ను ఐజీఎస్‌టీగానే కడతాం. మీ మీద వడ్డీ గానీ అదనపు భారం గానీ పడదు. మా టర్నోవర్ ఇ-ఇన్వాయిస్ పరిధిలోకి రాదు కాబట్టి ఐఆర్‌ఎన్ రద్దు చేయాల్సిన పనీ లేదు. మీ వోచర్లు కలవడానికి వీలుగా బిల్లు నంబరు, తేదీ మార్చలేదు. పైన 'సవరించినది' అని ఉన్న కాపీనే ఫైల్లో పెట్టి, పాతదాన్ని అడ్డంగా కొట్టేయండి.

మీ అకౌంట్స్ వారు చూసుకోవాల్సినవి:

జూన్ 3బిలో ఈ బిల్లు మీద క్రెడిట్ తీసుకోవద్దు. 1ఎలో చేసిన సవరణ తాలూకు క్రెడిట్ తర్వాతి నెల 2బిలోకి వస్తుంది. అంటే ఆగస్టు 14న వచ్చే జూలై 2బిలో ఐజీఎస్‌టీ రూ. 9,720 కనబడాలి. అది చూసుకున్నాకే జూలై 3బిలో తీసుకోండి. పాత బిల్లు మీద ఆంధ్ర పన్ను ఉంది కదా అని మీ విజయవాడ రిజిస్ట్రేషన్‌లో వాడటం అసలు కుదరదు, బిల్లు మీద ఉన్నది 36 నంబరు.

టీడీఎస్ కింద పాత మొత్తం మీద రూ. 6,000 పట్టి, 7వ తేదీలోపే చలానా కట్టామని మీ వారు ఫోన్లో చెప్పారు. 194జె కింద 10 శాతం, జీఎస్‌టీ కలపకుండా, రూ. 54,000 మీదే పడుతుంది. జూలై 31లోపు వేసే 26క్యూలో మా పేరున చెల్లింపు 54,000, కోత 5,400 చూపండి. చలానాలో మిగిలే 600ను మరొకరి కోతకు సర్దుకోవచ్చు. పొరపాటున 6,000 అని చూపితే మా 26ఏఎస్‌కూ మా పుస్తకాల్లోని మీ ఖాతాకూ తేడా వస్తుంది.

మీ పుస్తకాల్లో పాత ఎంట్రీని తుడిచేయకుండా, సరిచేస్తే మంచిది: ఖర్చు 6,000, పన్ను 1,080 తగ్గి, మా ఖాతాలో మొత్తం 7,080 తగ్గాలి.

జతపరిచిన ఇన్వాయిస్ (సవరించినది)
నంబరు 023/2025-26, తేదీ 30-06-2025
ప్లేస్ ఆఫ్ సప్లై: తెలంగాణ (36)
శాక్ కోడ్: 998222
పుస్తకాల నిర్వహణ, ఏప్రిల్–జూన్, 3 × 15,000: రూ. 45,000
జీఎస్‌టీ రిటర్నులు, 3 × 3,000: రూ. 9,000
పన్ను విధించే విలువ: రూ. 54,000
ఐజీఎస్‌టీ 18 శాతం: రూ. 9,720
మొత్తం: రూ. 63,720 (అరవై మూడు వేల ఏడువందల ఇరవై రూపాయలు)

గడువు తేదీ జూలై 15 అని పాత బిల్లులో ఉంది. తప్పు మాది కాబట్టి దాన్ని జూలై 31కి మార్చాం. మీ ఖాతాలో రాష్ట్రం గడి సరిచేశాం, రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉన్న మిగతా క్లయింట్ల ఖాతాలు కూడా తిరగేశాం. కలిగిన ఇబ్బందికి క్షమించండి.

ఇట్లు,
సత్యనారాయణ
అకౌంటెంట్