పిల్లల రక్షణ నమోదు – గోప్యం

తేదీ 18-11-2024, సోమవారం. 3వ తరగతి, రోల్ నంబర్ 14, బాలిక, 8 ఏళ్లు. రాసింది: క్లాస్ టీచర్.

ఉదయం 9:20కి పాప ఒక్కతే వచ్చింది. శుక్రవారం వేసుకున్న యూనిఫామే, భుజం దగ్గర అదే సిరా మరక. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత పుండు, కట్టు లేదు. మధ్యాహ్న భోజనంలో మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

"కాలికేమైంది?" అని అడిగాను. పాప మాటల్లోనే: "మేకు గుచ్చుకుంది టీచర్. అమ్మ పనికెళ్లింది. రాత్రి నేను, తమ్ముడే ఉన్నాం." ఇంకేమీ గుచ్చి అడగలేదు.

12:50కి తల్లికి ఫోన్ చేశాను. "పత్తి తీయడానికొచ్చా. పిల్లల్ని మా అత్త చూస్తోంది" అన్నారు. ఇద్దరి మాటలూ విన్నవి విన్నట్టే రాశాను. ఏది నిజమో తేల్చడం నా పని కాదు. ఫొటో తీయలేదు.

ఏఎన్ఎం కట్టు కట్టారు. 1:30కి హెడ్మాస్టర్‌కు చెప్పాను. 1:45కి ఆయన పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు.