కూలర్ కొనే ముందు మీటర్ చూడండి: అనంతపురం సుభాష్ రోడ్డు మా షాపు వేసవి పోస్టులు

మార్చి 22

"అన్నా, ఇది ఎంత కరెంటు తింటాది?"

షాపులోకి వచ్చినవాళ్లు ధర కంటే ముందు అడిగే మాట ఇదే. ఈ ఏడు ఆ జవాబు నోటితో చెప్పడం మానేశాం. కౌంటర్ పక్క ప్లగ్గుకి వాట్ల మీటర్ తగిలించాం. మీకు నచ్చిన కూలర్‌ని దానికి పెట్టి, నీళ్లు పోసి, పంపు వేసి, హై స్పీడ్‌లో తిప్పి చూపిస్తాం. మీటర్ మీద పడే అంకెని మీరే చదువుకోండి.

ఈరోజు పొద్దున 65 లీటర్ల పెద్ద కూలర్‌ని పెట్టి చూశాం. అట్టపెట్టె మీద 190 వాట్లు అని ఉంది. మీటర్‌లో హై స్పీడ్‌కి 184, లో స్పీడ్‌కి 138 వచ్చాయి. లెక్కకి 190 అనే పట్టుకుందాం. రోజుకి పది గంటలు తిప్పితే 1.9 యూనిట్లు, నెలకి 57 యూనిట్లు.

ఇక రూపాయల సంగతి. మీ ఇంట్లో మామూలుగా నెలకి 110 యూనిట్లు కాలుతున్నాయి అనుకోండి. కూలర్ పెట్టాక 167 అవుతుంది. మన రాష్ట్రంలో ఇళ్ల కనెక్షన్లకి 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం 76 నుంచి 125 యూనిట్ల దాకా రూ.4.50, ఆ పైన 225 దాకా రూ.6. అంటే మొదటి 15 యూనిట్లకి రూ.67.50, మిగతా 42 యూనిట్లకి రూ.252. మొత్తం దాదాపు రూ.320. సర్దుబాటు చార్జీలు, డ్యూటీ దీనిమీద అదనం.

అదే ఇంట్లో కూలర్ బదులు టన్నున్నర ఏసీ పెట్టి పది గంటలు వేస్తే? గంటకి సగటున ఒక యూనిట్ అని తక్కువలోనే వేసుకున్నా నెలకి 300 యూనిట్లు. బిల్లు 410 యూనిట్లకి పోతుంది. 225 దాటగానే యూనిట్ రూ.8.75, 400 దాటితే రూ.9.75. పెరిగేది దాదాపు రూ.2,300.

తేడా నెలకి రెండు వేల దాకా. కానీ ఏసీ ఇచ్చే చల్లదనం కూలర్ ఇవ్వదు, ఆ మాట కూడా ఇక్కడే చెప్పేస్తున్నా. ఏసీ గదిని 24 డిగ్రీలకి తెస్తుంది. కూలర్ తేలేదు. కూలర్ ఎంత తెస్తుందో వచ్చే పోస్టులో రాస్తాను.

ఈ నెల ధరలు జీఎస్టీతో కలిపి: 40 లీటర్లు రూ.6,400, 65 లీటర్లు రూ.9,800, 90 లీటర్లు రూ.12,500.

మార్చి 29

మన ఊర్లో ఏప్రిల్ ఎండలో ఉతికిన చీర దండెం మీద వేస్తే, ఇంట్లోకి పోయి టీ తాగి వచ్చేలోపు ఆరిపోతుంది. మచిలీపట్నంలో అదే చీర అంత తొందరగా ఆరదు. కూలర్‌కి బలం ఆ ఆరే గుణంలోనే ఉంది. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని పట్టుకుపోతాయి. గాలి ఎంత పొడిగా ఉంటే నీళ్లు అంత ఆవిరవుతాయి, కూలర్ అంత చల్లగా కొడుతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ పద్ధతిలోనే.

బయట 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 25 శాతం ఉన్న మధ్యాహ్నం మంచి హనీకోంబ్ ప్యాడ్ ఉన్న కూలర్ ముందు గాలి 29 దగ్గరికి వస్తుంది. గది అంతా 29 అవదు. గోడలు, పైకప్పు వేడి ఉంటాయి కాబట్టి మంచం దగ్గర 31, 32 ఉంటుంది. గాలి ఒంటికి తగులుతుంది కాబట్టి ఇంకొంచెం హాయిగా అనిపిస్తుంది. నేను ఇవ్వగలిగిన మాట ఇంతే. "ఇంట్లో ఊటీ" అని బ్యానర్ వేసినవాళ్లని థర్మామీటర్ పెట్టి చూపించమని అడగండి.

వానలు మొదలయ్యాక సంగతి వేరు. 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్నరోజు అదే కూలర్ గాలిని 31, 32 కంటే కిందికి దించలేదు, పైగా ఒళ్లు జిగటగా అవుతుంది. అలాంటి రోజు పంపు ఆపేసి ఫ్యాన్‌లా వాడుకోండి.

రెండేళ్ల కింద రుద్రంపేట నుంచి ఒకాయన కోపంగా వచ్చారు. "మీ కూలర్ వేస్తే ఇంట్లో ఉక్కపోత ఎక్కువైంది" అన్నారు. సాయంత్రం వాళ్లింటికి పోయి చూశాను. తలుపులు, కిటికీలు మొత్తం బిగించి, కూలర్‌ని గది మధ్యలో పెట్టుకున్నారు. గోడకి చెయ్యి పెడితే తడి తగిలింది. లోపలి తడిగాలినే కూలర్ మళ్లీ మళ్లీ పీల్చుతోంది. కూలర్ వీపుని కిటికీకి ఆనించి, ఎదురుగా ఉన్న తలుపు జానెడు తెరిచాం. పావుగంటలో ఆయన ముఖం మారింది. తప్పు ఆయనది కాదు. అమ్మిన రోజు నేను ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఆరోజు నుంచి ప్రతి బిల్లు వెనక రాసి ఇస్తున్నాం: బయటి గాలి లోపలికి రావాలి, తడిగాలి బయటికి పోవాలి.

మీ గదికి ఒక్క కిటికీ కూడా లేకపోతే కూలర్ కొనకండి. మా దగ్గరైనా సరే.

ఏప్రిల్ 5

అట్టపెట్టె మీద రాతలు ఎలా చదవాలో చెబుతాను. మీరు వేరే షాపులో కొన్నా పనికొస్తుంది.

గాలి లెక్క గంటకి ఇన్ని క్యూబిక్ మీటర్లు అని ఉంటుంది. దాన్ని 1.7తో భాగిస్తే సీఎఫ్ఎం, అంటే నిమిషానికి ఎన్ని క్యూబిక్ అడుగుల గాలో వస్తుంది. మీ గదికి ఎంత కావాలో తెలియాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి రెండుతో భాగించండి. 12 అడుగుల గది, పది అడుగుల ఎత్తు అయితే 1440లో సగం, 720 సీఎఫ్ఎం చాలు. పెట్టె మీది అంకె మాత్రం కొత్త కూలర్‌ది. ప్యాడ్‌కి దుమ్ము, ఉప్పు పట్టాక అంత గాలి రాదు. అందుకే ఆ అంకెలో మూడింట రెండు వంతులే పట్టుకోమని మావాళ్లకి చెబుతాను. ఆ లెక్కన ఈ గదికి గంటకి దాదాపు 1,800 క్యూబిక్ మీటర్లు రాసి ఉన్నది సరిపోతుంది. 3,600ది పెడితే గాలి హోరు, చప్పుడు, నీళ్ల ఖర్చు తప్ప లాభం లేదు. పెద్దది అమ్మితే నాకు మిగిలేది ఎక్కువే. అయినా పడక గదికి పెద్దది తీసుకోకండి, రాత్రి ఆ చప్పుడుకి నిద్ర పట్టదు.

"ఐస్ చాంబర్" గురించి రోజూ అడుగుతారు. కిలో ఐస్ కరిగితే గాలి నుంచి లాగే వేడి 334 కిలోజౌల్స్. లీటరు నీళ్లు ఆవిరైతే లాగేది దాదాపు 2,400, అంటే ఏడు రెట్లు. ఐస్ వేసిన పది నిమిషాలు బాగుంటుంది, ఆ తర్వాత మామూలే. దానికోసం రూ.800 ఎక్కువ పెట్టకండి.

బీఎల్‌డీసీ మోటార్ మోడల్‌కి రూ.3,000 ఎక్కువ. 190 వాట్ల చోట 100 వాట్లు తీసుకుంటుంది. రోజుకి పది గంటల చొప్పున వంద రోజులు వాడితే మిగిలేది 90 యూనిట్లు, రూ.6 చొప్పున ఏడాదికి రూ.540. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఐదున్నర ఏళ్లు పడుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపాల్సిన ఇంటికైతే తీసుకోండి, బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. మిగతావాళ్లకి మామూలు మోటార్ చాలు.

మోటార్‌లో రాగి వైండింగా, అల్యూమినియమా అని అడగండి. ఏదైతే అది బిల్లు మీద రాయించుకోండి. మేం రాసిస్తున్నాం.

ఏప్రిల్ 14

నీళ్ల గురించి ఎవరూ పోస్టర్ వేయరు. మన ఊర్లో మాత్రం మొదట అడగాల్సింది అదే.

నిన్న మధ్యాహ్నం 12 గంటలకి షాపు ముందు 65 లీటర్ల కూలర్‌ని అంచుదాకా నింపి, హై స్పీడ్‌లో వేశాం. ఆరున్నరకి నీళ్లు అయిపోయి పంపు గుర్రుమంది. గంటకి పది లీటర్లు. పది గంటలు తిప్పితే వంద లీటర్లు, అంటే ఆరేడు బిందెలు. మీ వీధిలో నీళ్లు రెండు రోజులకోసారి వస్తుంటే ఈ లెక్క ముందే వేసుకోండి. రాత్రి ఎండ తగ్గాక, లో స్పీడ్‌లో, ఖర్చు ఇంతకంటే బాగా తక్కువ.

మన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులో మిగిలిపోతుంది. పోసిన నీళ్ల మీదే మళ్లీ పోస్తూ పోతే నెలకే ప్యాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. వేలితో గోకితే సున్నంలా రాలుతుంది. అది పట్టిన చోట గాలి దూరదు, ప్యాడ్ తడవదు. మూడు రోజులకోసారి ట్యాంకు అడుగు మూత తీసి మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు వాకిలి కడగడానికి పనికొస్తాయి, మొక్కలకి మాత్రం వద్దు. వారానికోసారి, శుక్రవారం డ్రై డే రోజు, ట్యాంకు గోడల్ని బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు నీళ్ల అంచున గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే పోవు.

గడ్డి ప్యాడ్లు చవక, కొత్తలో చల్లగా కొడతాయి, కానీ ఏటా మార్చాలి. హనీకోంబ్ మన నీళ్లతో జాగ్రత్తగా వాడితే రెండు మూడు వేసవులు వస్తుంది. 65 లీటర్ల మోడల్‌కి మూడు వైపుల ప్యాడ్లు రూ.1,350. ఈ ఖర్చుని కూడా కరెంటు పక్కన రాసుకోండి.

ఏప్రిల్ 20

ఈ పోస్టులో ఆఫర్ లేదు. ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కూలర్ అంటే నీళ్లు, కరెంటు ఒకే పెట్టెలో. ఇనుప బాడీ కూలర్‌కి ఎర్త్ లేకపోతే, లోపల వైరు ఒలిచిన చోట తడి తగిలితే, బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి బకెట్‌తో నీళ్లు పోసే మనిషికి అది ప్రాణాల మీదికి వస్తుంది. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టొద్దు. పాత ఇళ్లలో ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి ఉంటుంది, కింద గుంతలో ఉప్పు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. మన దగ్గర కొన్న ప్రతి కూలర్‌తో మా ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ చూసి పోతాడు, డబ్బు తీసుకోడు. అనంతపురం టౌన్ లోపల అదే రోజు, రాప్తాడు, బుక్కరాయసముద్రం వైపు మరుసటి రోజు.

ఎర్త్ బాగాలేదని తేలితే, బాగు చేయించుకునేదాకా కూలర్ ఆన్ చేయకండి. అన్ని రోజులు ఆగలేకపోతే పెట్టె విప్పకుండా వెనక్కి తీసుకురండి, పూర్తి డబ్బు ఇచ్చేస్తాం.

షాపు పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. వచ్చేటప్పుడు గది కొలతలు, పోయిన నెల కరెంటు బిల్లు తెచ్చుకోండి. మీ బిల్లు మీదే లెక్క వేసి చూపిస్తాం.