మన నాలుగు ఫ్లాట్ల అద్దె లెక్క: 2024-25, ఏప్రిల్ 12 నాటికి

తమ్ముడూ, షీట్ పూర్తయింది. ఇన్నాళ్ళూ నా డైరీలో సగం, వాట్సాప్‌లో సగం, అమ్మ నోట్‌బుక్‌లో మిగతాది ఉండేది కదా, అన్నీ కూర్చుని ఒకచోటికి తెచ్చాను. నువ్వు డల్లాస్‌లో తెరిచినా, అమ్మ ఇక్కడ ఫోన్‌లో తెరిచినా ఇదే కనిపిస్తుంది. కొండాపూర్ ఫ్లాట్ గురించి రాసిన భాగం మాత్రం నువ్వు తప్పకుండా చదవాలి, ఎందుకంటే అద్దె అన్నిటికంటే ఎక్కువ వచ్చేది అదే, ఇప్పటి విలువ మీద శాతంలో చూస్తే మిగిలేది అన్నిటికంటే తక్కువా అదే.

1. ఈ నెల అద్దె

| ఫ్లాట్ | గడువు | రావాల్సింది | వచ్చిన తేదీ | వచ్చింది | స్థితి |
|---|---|---|---|---|---|
| కూకట్‌పల్లి | 5-4-2025 | 19,000 | 4-4-2025 | 19,000 | వచ్చింది |
| కొండాపూర్ | 5-4-2025 | 42,000 | 5-4-2025 | 28,896 (మిగతాది టీడీఎస్) | వచ్చింది |
| మియాపూర్ | 5-4-2025 | 16,500 | | | 7 రోజులు బాకీ |
| సింగ్‌నగర్, విజయవాడ | 10-4-2025 | 11,500 | 9-4-2025 | 11,500 | వచ్చింది |

చివరి గడి దానంతట అదే మారుతుంది. వచ్చిన తేదీ వేస్తే చాలు. ఫార్ములా ఇది, ఎవరైనా పొరపాటున చెరిపేస్తే మళ్ళీ అతికించండి:

```
=IF(D2<>"","వచ్చింది",IF(TODAY()>B2,TODAY()-B2&" రోజులు బాకీ","ఇంకా గడువుంది"))
```

మియాపూర్ వాళ్ళు గత ఏడాది పన్నెండు నెలల్లో అయిదు నెలలు ఆలస్యంగా ఇచ్చారు, నవంబర్‌లో అయితే 19వ తేదీకి. ఆ నెల ఆయన ఉద్యోగం మారుతున్నారు, ముందే ఫోన్ చేసి చెప్పారు, అందుకే నేను ఏమీ అనలేదు. ఆలస్యమైనా ఒక్క నెల కూడా ఎగ్గొట్టలేదు, ఆరేళ్ళుగా ఉంటున్నారు. కానీ ఈసారి ముందుగా చెప్పలేదు, ఆదివారం నేనే వెళ్తాను.

2. డిపాజిట్లు (ఇది మన డబ్బు కాదు)

| ఫ్లాట్ | మన దగ్గర ఉన్నది | ఎన్ని నెలల అద్దె | అగ్రిమెంట్ ముగిసేది |
|---|---|---|---|
| కూకట్‌పల్లి | 36,000 | పాత అద్దె 18,000 మీద రెండు నెలలు | 31-8-2025 |
| కొండాపూర్ | 84,000 | రెండు నెలలు | 30-6-2025 |
| మియాపూర్ | 20,000 | ఒక నెల కంటే కొంచెం ఎక్కువ | 2021 తర్వాత కాగితమే లేదు |
| సింగ్‌నగర్ | 23,000 | రెండు నెలలు | 31-12-2025 |
| మొత్తం | 1,63,000 | | |

ఈ 1,63,000 వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచాను. ఇంతకుముందు అద్దెతో కలిసిపోయి, ఎవరైనా ఖాళీ చేస్తే ఇంటి ఖర్చుల్లోంచి సర్దేవాళ్ళం. జూన్‌లో కొండాపూర్ పాత వాళ్ళు వెళ్ళినప్పుడు 80,000 ఒకేసారి ఇవ్వాల్సి వచ్చి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఇక అలా వద్దు. వాళ్ళకి మొత్తం 80,000 తిరిగి ఇచ్చాను, పెయింటింగ్‌కి కోయలేదు. అగ్రిమెంట్‌లో ఒక నెల అద్దె కోసుకోవచ్చని ఉంది, నిజమే, కానీ నాలుగేళ్ళు ఉండి గోడకి ఒక్క మేకు కూడా అడక్కుండా కొట్టని వాళ్ళ దగ్గర కోయడం నాకు న్యాయంగా అనిపించలేదు. నీకు వేరే అభిప్రాయం ఉంటే చెప్పు, వచ్చే అగ్రిమెంట్‌లో మారుద్దాం.

సింగ్‌నగర్ పాత టెనెంట్ లెక్క: డిపాజిట్ 25,000. అందులో డిసెంబర్ అద్దె 12,500, కట్టకుండా వదిలిన కరెంటు బిల్లు 1,340 పోను 11,160 జనవరి 3న యూపీఐలో పంపాను. స్క్రీన్‌షాట్ ఫోల్డర్‌లో ఉంది, మీటర్ రీడింగ్ ఫోటో కూడా.

3. రిపేర్లు, మిగతా ఖర్చులు (ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025)

కూకట్‌పల్లి: బాత్రూమ్ నుంచి కింది ఫ్లాట్‌లోకి నీళ్ళు కారాయి, వాటర్‌ప్రూఫింగ్ 14,500. గీజర్ ఎలిమెంట్ 1,800. అపార్ట్‌మెంట్ బయట రంగులకి మన వాటా 12,000. ఆస్తి పన్ను 4,200. నెలనెలా మెయింటెనెన్స్ టెనెంటే కడుతున్నారు.

మియాపూర్: మెయిన్ డోర్ ఫ్రేమ్‌కి చెద పట్టింది, మార్చడానికి 9,800. ప్లంబింగ్ 3,450. వైరింగ్, ఎంసీబీలు 2,250. ఆస్తి పన్ను 3,600. అసలు భారం ఇక్కడ వేరే ఉంది: నెలకి 1,800 మెయింటెనెన్స్ మనమే కడుతున్నాం, ఏడాదికి 21,600. 2018లో అమ్మ "అన్నీ కలిపి" అని చెప్పి ఇచ్చేసింది, అప్పట్లో మెయింటెనెన్స్ 900 ఉండేది. అది రెట్టింపయ్యింది, అద్దె మాత్రం మూడేళ్ళుగా కదల్లేదు. అదే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ 19,500కి ఇచ్చారు, మెయింటెనెన్స్ వేరే.

సింగ్‌నగర్: సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మనది రెండో అంతస్తు కాబట్టి ఇంట్లోకి నీళ్ళు రాలేదు, కానీ పార్కింగ్ మొత్తం మునిగింది, మోటార్, లిఫ్ట్, మీటర్ బోర్డు అన్నీ పోయాయి. మోటార్, లిఫ్ట్‌కి మన వాటా 22,000, మీటర్ బోర్డుకి 3,500. సెప్టెంబర్ అద్దె తీసుకోలేదు. కరెంటు లేక, నీళ్ళు లేక చంటిపిల్లతో వాళ్ళు మూడు వారాలు గుడివాడలో బంధువుల ఇంట్లో ఉంటే అద్దె ఎలా అడుగుతాం. డిసెంబర్ చివర వాళ్ళు ఖాళీ చేశాక పెయింటింగ్ 15,000, జనవరి ఖాళీగా ఉన్నందుకు మెయింటెనెన్స్ 1,200. ఆస్తి పన్ను 3,900. ఫిబ్రవరిలో దిగిన వాళ్ళు మొదటి ప్రశ్నే "వరదప్పుడు నీళ్ళు ఎంత వరకు వచ్చాయి" అని. పార్కింగ్ గోడ మీద మరక చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. వెయ్యి తగ్గించి 11,500కి ఒప్పుకున్నాం.

కొండాపూర్: పెయింటింగ్ 46,000, డీప్ క్లీనింగ్ 6,500, ఏసీ గ్యాస్, సర్వీస్ 4,800, కిచెన్ క్యాబినెట్ హింజ్‌లు 3,200. బ్రోకర్‌కి పదిహేను రోజుల అద్దె 21,000. జూన్, జూలై ఖాళీగా ఉన్నందుకు మెయింటెనెన్స్ 11,000. ఆస్తి పన్ను 14,600.

ఆ రెండు నెలలు ఎందుకు ఖాళీగా ఉందో నీకు ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఫ్లాట్ నీ పేరు మీద ఉంది, నువ్వు ఎన్ఆర్ఐ. అందువల్ల అద్దె ఎంతైనా సరే టెనెంట్ 31.2 శాతం టీడీఎస్ కోయాలి, దానికి టాన్ అనే నంబర్ తీసుకోవాలి, మూడు నెలలకోసారి 27క్యూ రిటర్న్ వేయాలి. ఓనర్ ఇండియాలోనే ఉంటే అద్దె నెలకి 50,000 దాటితే తప్ప మామూలు టెనెంట్‌కి ఈ గొడవే లేదు. ఇద్దరు వచ్చి, ఇల్లు నచ్చి, అడ్వాన్స్ మాట్లాడుకుని, టాన్ అనగానే వెనక్కి తగ్గారు. ఇప్పుడున్న వాళ్ళకి మన సీఏనే రిటర్న్‌లు వేసి పెడుతున్నారు, అందుకే ఒప్పుకున్నారు. పాత వాళ్ళ పద్ధతి కూడా అదే.

4. నెట్ యీల్డ్

| ఫ్లాట్ | వచ్చిన అద్దె | రిపేర్లు | ఆస్తి పన్ను | ఇతర ఖర్చు | కొన్న ఖర్చు | ఇప్పటి విలువ | కొన్న ఖర్చు మీద | ఇప్పటి విలువ మీద |
|---|---|---|---|---|---|---|---|---|
| కూకట్‌పల్లి (2014) | 2,22,000 | 16,300 | 4,200 | 12,000 | 34 లక్షలు | 62 లక్షలు | 5.57% | 3.06% |
| కొండాపూర్ (2019) | 4,16,000 | 60,500 | 14,600 | 32,000 | 92 లక్షలు | 150 లక్షలు | 3.36% | 2.06% |
| మియాపూర్ (2009) | 1,98,000 | 15,500 | 3,600 | 21,600 | 21 లక్షలు | 55 లక్షలు | 7.49% | 2.86% |
| సింగ్‌నగర్ (2016) | 1,23,000 | 40,500 | 3,900 | 1,200 | 26 లక్షలు | 33 లక్షలు | 2.98% | 2.35% |
| మొత్తం | 9,59,000 | 1,32,800 | 26,300 | 66,800 | 173 లక్షలు | 300 లక్షలు | 4.24% | 2.44% |

```
=(B2-C2-D2-E2)/F2
=(B2-C2-D2-E2)/G2
```

విలువలు షీట్‌లో లక్షల్లో కాకుండా పూర్తి రూపాయల్లో వేశాను, లేకపోతే శాతం తప్పు వస్తుంది. కొన్న ఖర్చులో రిజిస్ట్రేషన్, లోపలి చెక్క పని కలిపాను. ఇప్పటి విలువ అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్మిన వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పినదానికి కాస్త తగ్గించి వేశాను.

మూడు కోట్ల ఆస్తి మీద ఏడాదికి చేతికి మిగిలింది 7,33,100. అమ్మ మియాపూర్ ఫ్లాట్ చూసి "నాది ఏడున్నర శాతం" అని సంతోషపడింది, అది 2009 ధర మీద లెక్క. ఈరోజు ఆ ఫ్లాట్‌ని ఉంచుకోవాలా, అమ్మాలా అని ఆలోచించేటప్పుడు చూడాల్సింది చివరి కాలమే. కొండాపూర్ బ్రోకర్ నీకు చెప్పే లెక్క 42,000 పన్నెండు నెలలు, అంటే 5,04,000, దానికి కోటిన్నర మీద 3.36 శాతం. అందులో ఖాళీ నెలలు లేవు, పెయింటింగ్ లేదు, అతని కమిషన్ కూడా లేదు. అవన్నీ తీస్తే మిగిలింది 3,08,900.

టీడీఎస్‌ని ఖర్చులో కలపలేదు, కావాలనే. అది నీ పన్ను ఖాతాలోకి వెళ్ళింది, పోయిన డబ్బు కాదు. ఏడాదిలో కోసింది 1,29,792. వచ్చిన అద్దె 4,16,000లో ఆస్తి పన్ను 14,600 తీసేసి, మిగిలిన 4,01,400 మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ 1,20,420 తీస్తే పన్ను వేయాల్సింది 2,80,980. నీకు ఇక్కడ వేరే ఆదాయం లేదు, ఎన్ఆర్ఓ ఖాతాలో వడ్డీ మూడు వేలు, అది కలిపినా కొత్త విధానంలో మూడు లక్షల లోపే. అంటే రిటర్న్ వేస్తే మొత్తం వెనక్కి రావాలి. కిందటేడు వేయడం మర్చిపోయావు. ఈసారి మర్చిపోతే నేను ఊరుకోను రా.

5. రాబోయే తేదీలు

ఏప్రిల్ 13: మియాపూర్ వెళ్ళడం. అద్దె అడగడంతో పాటు మే నుంచి 17,500, మెయింటెనెన్స్ వాళ్ళదే అని మాట్లాడాలి, కొత్త అగ్రిమెంట్ రాసుకోవాలి. 19,500 అడగను, ఆరేళ్ళు ఇల్లు శుభ్రంగా ఉంచారు, ఒక నెల ఖాళీ పడితే పోయేది మనకే. అమ్మా, ఈ మాట నువ్వు ముందుగా వాళ్ళతో అనొద్దు, నేను మాట్లాడతాను.

ఏప్రిల్ 30: నాలుగింటికీ ఏడాది ఆస్తి పన్ను ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు. విజయవాడది నిన్ననే కట్టేశాను.

మే 31: కొండాపూర్ నాలుగో త్రైమాసికం 27క్యూ, సీఏ చూసుకుంటారు. జూన్ 15కల్లా ఫారం 16ఏ రావాలి, అది, 26ఏఎస్ పక్కపక్కన పెట్టి 1,29,792 సరిపోయిందో లేదో నువ్వే చూడు, లాగిన్ నీ దగ్గరే ఉంది.

జూన్ 30: కొండాపూర్ అగ్రిమెంట్ అయిపోతుంది. వాళ్ళు ఉంటామంటున్నారు. 5 శాతం పెంచితే 44,100 అవుతుంది, నేను 43,500 దగ్గర ఆగుదామనుకుంటున్నాను. మే 15 లోపు నీ మాట చెప్పు, ఆ తర్వాత వాళ్ళు వేరే ఇల్లు వెతకడం మొదలుపెడతారు.

వానలు మొదలయ్యే లోపు: సింగ్‌నగర్ అసోసియేషన్ మోటార్‌ని, మీటర్ బోర్డుని మొదటి అంతస్తు ఎత్తుకి మార్చాలని తీర్మానం చేసింది. మన వాటా 8,500 అడిగారు. ఇచ్చేశాను, కొత్త ఏడాది రిపేర్ల కింద మొదటి ఎంట్రీ అదే.