చెక్కు నోటీసుకు జవాబు

తెనాలి,
2025 ఫిబ్రవరి 3.
(అక్నాలెడ్జిమెంటుతో రిజిస్టర్డ్ పోస్టు)

గుంటూరులోని న్యాయవాది గారికి,

విషయం: మా కక్షిదారు ఇచ్చిన రూ. 3,00,000 చెక్కు సొమ్ము చాలక తిరిగి వచ్చిందని, ఆ మొత్తం వడ్డీతో చెల్లించాలని మీ కక్షిదారు తరఫున మీరు 2025 జనవరి 20న పంపిన నోటీసు.

అయ్యా,

ఆ నోటీసు తెనాలిలో కిరాణా వ్యాపారం చేసే మా కక్షిదారుకు జనవరి 23న అందింది. ఆయన చెప్పిన విషయాల ఆధారంగా ఈ జవాబు ఇస్తున్నాను. ఇందులో స్పష్టంగా ఒప్పుకోని ఆరోపణలన్నిటినీ మా కక్షిదారు నిరాకరిస్తున్నారు.

చెక్కుపై సంతకం ఆయనదే. 2023 జూన్ 12న మీ కక్షిదారు నుంచి రూ. 3,00,000 చేబదులు తీసుకున్న మాటా నిజమే. ఖాతాలో సొమ్ము చాలక చెక్కు తిరిగి వచ్చిందన్న బ్యాంకు మెమోతోనూ మాకు పేచీ లేదు. పేచీ అంతా మొత్తం దగ్గరే.

2025 జనవరి 2న చెక్కు రాసి చేతికిచ్చారని మీ నోటీసు అంటోంది. అది సరికాదు. అప్పు తీసుకున్న రోజునే సంతకం మాత్రం చేసి, హామీగా ఇచ్చిన చెక్కు అది. దాని ముందు నంబరు, తరువాతి నంబరు చెక్కులు రెండూ 2023 జూన్‌లోనే బ్యాంకులో చెల్లింపయ్యాయి. ఖాళీగా ఇచ్చినందువల్ల చెక్కు చెల్లదని మేము వాదించడం లేదు. మా అభ్యంతరం వేరు.

మా కక్షిదారు 2023 సెప్టెంబరు 4న రూ. 60,000, 2024 ఫిబ్రవరి 9న రూ. 70,000, ఆగస్టు 21న రూ. 50,000 మీ కక్షిదారు ఖాతాకే పంపారు. మొత్తం రూ. 1,80,000. మూడో చెల్లింపు అందిన రాత్రి "ఇంకా లక్షా ఇరవై ఉంది" అని మీ కక్షిదారు తన ఫోను నుంచి సందేశం పంపారు. ఈ మూడు చెల్లింపుల ఊసే మీ నోటీసులో లేదు. బహుశా మీకు చెప్పి ఉండరు.

కొంత బాకీ తీరాక చెక్కును బ్యాంకులో వేసేవారు, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 56వ సెక్షను ప్రకారం, తీరిన మేరకు దానిపై రాసి మిగిలినదే కోరాలి. అలా రాయకుండా పూర్తి రూ. 3,00,000కు చెక్కు వేశారు. ఆనాటికి చట్టప్రకారం రావలసిన బాకీ అంత లేదు కాబట్టి 138వ సెక్షను కింద నేరం ఏర్పడదు.

మిగిలిన రూ. 1,20,000కు మీ కక్షిదారు పేర తీసిన డిమాండు డ్రాఫ్టు జతచేస్తున్నాను. ఇది బాకీ తీర్చడమే గాని నేరాన్ని ఒప్పుకోవడం కాదు. వడ్డీ ఇస్తామని మాట జరగలేదు కనుక నోటీసులో అడిగిన వడ్డీకి, ఖర్చులకు మా కక్షిదారు బాధ్యులు కారు.

డ్రాఫ్టు ముట్టినట్లు రసీదు, అసలు చెక్కు ఏడు రోజుల్లో పంపించండి. ఇంతటితో ఆగకుండా ఫిర్యాదు వేస్తే, ఈ జవాబును, బ్యాంకు స్టేట్‌మెంట్లను, ఆ సందేశాన్ని కోర్టు ముందుంచి ఎదుర్కొంటాం.

ఇట్లు,
కిరాణా వ్యాపారి తరఫు న్యాయవాది,
తెనాలి.

జతపరచినవి: డిమాండు డ్రాఫ్టు, మూడు చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంట్ల నకళ్లు, సందేశం నకలు.