బాష్పోత్సేకం, దారువు, పోషక కణజాలం: క్లుప్త సమాధానాలు

వృక్షశాస్త్రం పునశ్చరణ పత్రం, తెలుగు ట్యూషన్ తరగతి, బెంగళూరు

1. బాష్పోత్సేకం అంటే ఏమిటి? (2 మార్కులు)

మొక్క వాయుగత భాగాల నుంచి నీరు ఆవిరి రూపంలో బయటికి పోవడాన్ని బాష్పోత్సేకం అంటారు. ఇది అధికంగా పత్రరంధ్రాల ద్వారా, కొద్దిగా అవభాసిని, లెంటిసెల్స్ ద్వారా జరుగుతుంది.

2. పత్రరంధ్రాలు ఎలా తెరుచుకుంటాయి? (2 మార్కులు)

వెలుతురులో రక్షక కణాలలోకి పొటాషియం అయాన్లు చేరడంతో వాటి నీటి శక్మం తగ్గి, చుట్టుపక్కల కణాల నుంచి నీరు లోపలికి వస్తుంది. రంధ్రం వైపు గోడ మందంగా ఉండటం వల్ల ఉబ్బిన కణాలు వంపు తిరిగి రంధ్రం తెరుచుకుంటుంది. నీటి ఎద్దడిలో అబ్సిసిక్ ఆమ్లం దానిని మూయిస్తుంది.

3. ఎత్తయిన చెట్ల చివరి ఆకులకు నీరు ఎలా చేరుతుంది? (8 మార్కులు)

మూలకేశాలలోకి ద్రవాభిసరణ ద్వారా ప్రవేశించిన నీరు వల్కలం దాటి అంతశ్చర్మాన్ని చేరుతుంది. అక్కడ కాస్పేరియన్ పట్టీలు కణకవచాల దారిని మూసివేయడం వల్ల, నీరు కణత్వచాలను దాటుకొనే దారువులోకి పోవలసి వస్తుంది.

అక్కడి నుంచి నీటిని పైకి లాగేది ఆకు. పత్రాంతర కణాల తడి గోడల నుంచి నీరు ఆవిరైనప్పుడు, ఆ గోడల సూక్ష్మరంధ్రాలలో మిగిలిన నీటి ఉపరితలం లోపలికి వంగి, వెనుకనున్న నీటి స్తంభంపై తన్యతను కలిగిస్తుంది. హైడ్రోజన్ బంధాల వల్ల ఏర్పడే సంసంజనం ఆ స్తంభాన్ని తెగనివ్వదు; దారునాళాల గోడలతో నీటికుండే అసంజనం తోడ్పడుతుంది. దారునాళాలు నిర్జీవమైనా, లిగ్నిన్‌తో మందమైన వాటి గోడలు ఈ లాగుడుకు కుంగిపోవు. ఈ సంసంజన-తన్యత సిద్ధాంతాన్ని డిక్సన్, జోలీ 1894లో ప్రతిపాదించారు.

వాతావరణ పీడనం ఇందుకు చాలదు. సముద్రమట్టం వద్ద అది నిలపగలిగే నీటి స్తంభం సుమారు 10 మీటర్లే. దాదాపు 900 మీటర్ల ఎత్తునున్న బెంగళూరులో ఇంకా తక్కువ. లాల్‌బాగ్‌లో అంతకు మించిన చెట్లు ఎన్నో ఉన్నాయి. వేరు పీడనమే కారణమని రాసేవారూ ఉన్నారు, కానీ బాష్పోత్సేకం ముమ్మరంగా సాగే మధ్యాహ్నమే అది అతి తక్కువగా ఉంటుంది.

4. తెల్లవారుజామున గడ్డిపోచ కొనన కనిపించే నీటిబొట్టు మంచేనా? (2 మార్కులు)

పోచంతా చెమ్మగిల్లితే మంచు. కొనన మాత్రమే బొట్టు నిలిస్తే అది బిందుస్రావం. రాత్రి వేరు పీడనం వల్ల జలరంధ్రాల గుండా ద్రవరూపంలోనే వెలువడుతుంది.

5. పోషక కణజాలంలో రవాణాను వివరించండి. (4 మార్కులు)

ఆకులో తయారైన చక్కెర సుక్రోజు రూపంలో, సహకణాల తోడ్పాటుతో, శక్తి ఖర్చు మీద చాలనీ నాళాలలోకి చేరుతుంది. దానితో పక్కనున్న దారువు నుంచి నీరు వచ్చి పీడనం పెరుగుతుంది. వేరు, కాయ వంటి వినియోగ స్థానాలలో చక్కెర బయటికి పోగానే నీరు తిరిగి దారువుకు చేరి పీడనం తగ్గుతుంది. ఈ తేడా వల్ల ద్రవం ప్రవహిస్తుందని 1930లో మ్యూంక్ వివరించాడు. దారువులో ప్రవాహం పైకి మాత్రమే; ఇక్కడ అవసరాన్ని బట్టి పైకీ కిందికీ సాగుతుంది. కాండం చుట్టూ బెరడును వలయంగా తీసేస్తే, ఆకులు వెంటనే వాడవు గానీ, కోతకు పైభాగం ఉబ్బుతుంది.